నూతి లోతు కొలిచే అసైన్‌మెంటు: డిగ్రీ పాఠ్యప్రణాళికా మండలుల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళికా మండలుల సభ్యులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల విభాగాధిపతులకు నమస్కారాలు.

నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను. ఇంటర్నల్ మార్కుల కోసం మనం విద్యార్థులకు ఇచ్చే అసైన్‌మెంట్లను రాబోయే విద్యా సంవత్సరానికి ఎలా రూపొందించాలన్న విషయంపై మీకు ఈ లేఖ రాస్తున్నాను. కృత్రిమ మేధ సాధనాలతో క్షణాల్లో రాయించుకోవడానికి వీలులేని అసైన్‌మెంటు ఎలా ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన సమావేశాల్లో మూడు మాటలు వినిపిస్తాయి. విద్యార్థి స్వానుభవం రాయించాలని, స్థానిక సమాచారం అడగాలని, పనిలో కొంత భాగం తరగతి గదిలోనే చేయించాలని అంటాం. ఈ మూడూ సరైనవే. కానీ వేటికవి విడిగా నిలబెడితే మూడూ పనికిరావని, ఒకదానికొకటి ముడిపడినప్పుడే పనిచేస్తాయని నా తరగతిలో రెండుసార్లు విఫలమయ్యాక తెలిసింది. ఆ వైఫల్యాలను, ఆ తరువాత నిలిచిన అసైన్‌మెంటును వివరంగా మీ ముందుంచడమే ఈ లేఖ ఉద్దేశం.

మొదటిసారి నేను ఇచ్చిన అంశం "మీ ఊరి నీటి సమస్య, దాని నుంచి మీరు నేర్చుకున్నది". స్థానికమైన విషయం, స్వానుభవం కూడా అడిగాను కనుక ఇది ఎవరికి వారు రాయవలసినదే అనుకున్నాను. వచ్చిన నివేదికల్లో ఎక్కువ భాగం వంశధార, నాగావళి నదులు జిల్లాకు జీవనాడులన్న వాక్యంతో మొదలై, భూగర్భ జలాలు తగ్గిపోతున్నాయన్న పేరా మీదుగా సాగి, వర్షపు నీటి సంరక్షణ గుంతలు తవ్వాలన్న సూచనతో ముగిశాయి. చివర్లో "ఈ ప్రాజెక్టు నా ఆలోచనా విధానాన్ని మార్చింది" అన్న అర్థం వచ్చే వాక్యం దాదాపు అందరి దగ్గరా ఉంది. ఒక నివేదికలో ఊరి పెద్ద చెరువు పూడిపోయిందని వివరంగా రాసి ఉంది. ఆ ఊరు నాకు తెలుసు. అక్కడ చెరువు లేదు.

ఆ నివేదికలు చదివాక అర్థమైనది ఏమిటంటే, స్వానుభవం అని మనం పిలిచేది యంత్రం అన్నిటికంటే సులువుగా రాయగలిగిన రచన. ఆశ్చర్యపోయాను, బాధపడ్డాను, నేర్చుకున్నాను అన్న మాటలకు వెనుక ఏ ఆధారమూ అడగనంత కాలం వాటిని ఎవరైనా, ఏదైనా రాయవచ్చు. ఊరి పేరు చేర్చినంత మాత్రాన విషయం స్థానికం కాదని కూడా తెలిసింది.

రెండోసారి ప్రభుత్వ వెబ్‌సైట్లలో దొరికే మండలాల వర్షపాతం, భూగర్భ జలమట్టం అంకెలను తీసుకుని విశ్లేషించమన్నాను. అంకెలు నిజమైనవే వచ్చాయి, విశ్లేషణ మాత్రం మళ్లీ ఒకే మూసలో వచ్చింది. వెతికే శక్తి ఉన్న సాధనానికి ఇంటర్నెట్టులో ఉన్న అంకె ఏదైనా అందుతుంది. కనుక స్థానిక సమాచారం అంటే మన జిల్లాకు సంబంధించిన సమాచారం అని కాక, విద్యార్థి స్వయంగా కొలిచేదాకా ప్రపంచంలో ఎక్కడా లేని సమాచారం అని నేను నిర్వచనం మార్చుకున్నాను.

మూడోసారి ఇచ్చిన అసైన్‌మెంటు చాలా చిన్నది. ప్రతి విద్యార్థి తన ఊళ్లో ఒక నుయ్యిని ఎంచుకుని, జూలై మొదటి శనివారం నుంచి పది వారాలపాటు ప్రతి శనివారం ఉదయం అందులో నీరు ఎంత లోతున ఉందో కొలవాలి. మన దగ్గర ఇంకా నూతులు మిగిలే ఉన్నాయి. ఈ పనికి కావలసినవి ఒక టేపు, దాని చివర కట్టడానికి ఒక చిన్న బరువు, ఒక నోటు పుస్తకం మాత్రమే.

కొలిచే పద్ధతిని తరగతిలో ఒక గంట నేర్పాను, ఎందుకంటే తరువాత జరిగే సరిచూపు అంతా ఈ వివరాల మీదే ఆధారపడుతుంది. నూతి ఒర మీద ఒకచోట సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టి, పది వారాలూ ఆ గుర్తు దగ్గరి నుంచే టేపు వదలాలి. బరువు నీటిని తాకగానే వచ్చే కొలత ఒర పైనుంచి వచ్చేది కనుక, అందులోంచి ఒర ఎత్తును తీసివేస్తేనే నేలమట్టం నుంచి లోతు తెలుస్తుంది. ఒర ఎత్తు 70 సెంటీమీటర్లు, టేపు మీద 5.15 మీటర్లు వస్తే నీరు నేలకు 4.45 మీటర్ల కింద ఉన్నట్టు లెక్క. ఒకసారి కొలిచి ఊరుకోకుండా వెంటనే రెండోసారి కూడా కొలిచి, రెండు అంకెలూ రాయాలి. తెల్లవారుజామున ఎవరూ నీళ్లు తోడకముందు కొలవాలి, అది కుదరకపోతే మోటారు ఆపి లేదా చేద వేసి ఎంతసేపయిందో పక్కన రాయాలి. ఒంటరిగా వెళ్లకూడదు, ఒర మీదికి ఎక్కకూడదు, గాలివాన ఉన్న రోజు అసలు వెళ్లకూడదు.

ఈ కొలతలను విద్యార్థి తన పుస్తకంలో దాచుకుని పదో వారం చివర నాకు ఇస్తే, ఇది రెండో అసైన్‌మెంటులాగే విఫలమయ్యేది. "శ్రీకాకుళంలో వానాకాలం పది వారాల నూతి నీటిమట్టం అంకెలు ఇవ్వు" అని అడిగితే నమ్మదగిన వరుస ఒకటి ఏ సాధనమైనా ఇస్తుంది, కొంచెం ఎగుడుదిగుడు చేయమంటే అదీ చేస్తుంది. అందుకే ప్రతి సోమవారం తరగతి మొదట్లో ఐదు నిమిషాలు ఈ పనికి కేటాయించాను. ప్రతి విద్యార్థికీ ఒక చిన్న చీటీ ఇస్తాను. అందులో శనివారం కొలతలు రెండూ, వచ్చే శనివారం నీరు ఎంత లోతున ఉంటుందన్న తన అంచనా, ఆ అంచనాకు ఒక్క వాక్యం కారణం చేత్తో రాసి నాకిస్తారు. చీటీలు నా దగ్గరే ఉంటాయి, చివరి తరగతి దాకా తిరిగి ఇవ్వను. నలభై ఎనిమిది మంది చీటీలను వరుస సంఖ్య ప్రకారం సర్ది కవర్లలో పెట్టడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. వాటిని ఆ వారం దిద్దను, ఇచ్చారో లేదో మాత్రమే చూస్తాను.

అసైన్‌మెంటు అంతటికీ కీలకం ఆ అంచనాయే. కొలతను కల్పించవచ్చు, కానీ ముందు వారం రాసిన అంచనా నా దగ్గర ఉన్నాక, దానికీ కొలతకూ మధ్య వచ్చే తేడాను ప్రతి వారం ఎదుర్కోక తప్పదు. స్వానుభవం రాయడమంటే ఈ తేడా గురించి రాయడమే. మీరేం నేర్చుకున్నారని నేను ఇప్పుడు అడగడం లేదు. మీ అంచనా అన్నిటికంటే ఎక్కువగా ఏ వారం తప్పింది, ఆ వారం చీటీలో రాసిన కారణం ఏమిటి, అది ఎందుకు నిలవలేదు, తెలుసుకోవడానికి ఎవరిని అడిగారు, తరువాతి వారం అంచనా వేసే పద్ధతిలో ఏం మార్చారు అని అడుగుతున్నాను. ఈ ప్రశ్నలకు జవాబు విద్యార్థి చీటీల్లో, నూతి దగ్గర తప్ప మరెక్కడా లేదు.

ఒక విద్యార్థిని కవరులోని చీటీల సంగతి ఇక్కడ చెబుతాను. ఆమెది నరసన్నపేట వైపు, వంశధార ఎడమ కాలువ కింద ఉన్న ఊరు. నుయ్యి వాళ్ల పెరట్లోనే, వరి మడికి పక్కన ఉంది. మొదటి ఆరు వారాల్లో నేలమట్టం నుంచి నీటి లోతు వరుసగా 4.45, 4.31, 4.52, 4.24, 4.27, 3.83 మీటర్లు. రెండో వారం నుంచి ఆమె వేసిన అంచనాలు 4.35, 4.15, 4.40, 4.10, 4.30.

మూడో వారంలో నీరు ఇంకా పైకి రావాలని అనుకున్న ఆమెకు 21 సెంటీమీటర్లు కిందికి దిగి కనిపించింది. చీటీ పక్కన "పక్కింటివాళ్లు మోటారు ఆపి అరగంట" అని రాసి ఉంది. ఇది మంచి గుర్తు. కల్పించిన అంకెల్లో అటువంటి తలతిక్క వారం సాధారణంగా ఉండదు, ఉన్నా దానికి పక్కన ఇంత మామూలు కారణం ఉండదు. ఆరో వారం ఇంకా ఆసక్తికరం. ఐదో వారంలో వానలు లేక నీరు మూడు సెంటీమీటర్లు దిగింది కనుక, ఆ సోమవారం ఆమె "వాన పడే సూచన లేదు, 4.30 దగ్గరే ఉంటుంది" అని రాసింది. శనివారం చూస్తే నీరు 3.83కి వచ్చింది. ఆ వారం మండల వర్షమాపకంలో నమోదైన వాన 6 మిల్లీమీటర్లు మాత్రమే. అంత కొద్దిపాటి వానకు నుయ్యి 44 సెంటీమీటర్లు పెరగదు.

ఆమె మొదట తన కొలతనే అనుమానించి, ఆదివారం మళ్లీ కొలిచింది. అదే వచ్చింది. అప్పుడు మామ్మను అడిగితే, "మడిలోకి కాలవ నీరు ఒగ్గీసినారు కదే, నూతికి ఊట రాదేటి?" అందట. నాట్ల కోసం పక్క మడిని నింపి ఉంచారు, ఆ నీరు ఇంకి నూతిలోకి ఊటగా వస్తోంది. వారం రోజులుగా ఆ మడి గట్టు మీదుగానే కళాశాలకు వస్తున్నానని, ఆ నీటికీ తన గ్రాఫుకూ సంబంధం ఉంటుందని తోచలేదని ఆమె తరగతిలో రాసింది. ఏడో వారం నుంచి ఆమె చీటీల్లో అంచనాకు కారణంగా వానతో పాటు "మడిలో నీరు ఉంది", "మడి ఆరింది" అన్న మాటలు కనిపిస్తాయి. తొలి ఐదు అంచనాల సగటు తప్పు 24 సెంటీమీటర్లు ఉండగా, తరువాతి నాలుగింటిలో అది 9 సెంటీమీటర్లకు తగ్గింది. వర్షపాతానికీ నీటిమట్టానికీ సహసంబంధ గుణకం లెక్కకట్టి, అది బలహీనంగా ఎందుకు వచ్చిందో చెప్పమన్నప్పుడు మూడో చలరాశి ఒకటి దాగి ఉందని ఆమె తన మాటల్లో చెప్పగలిగింది. నేను ఆ పాఠాన్ని బోర్డు మీద చాలా ఏళ్లు చెప్పాను, ఇంత స్పష్టంగా ఎవరికీ అందించలేకపోయాను.

ఇక తరగతిలో జరిగే దశల సంగతి. వారం వారం చీటీలు కాక మొత్తం నాలుగు గంటల తరగతి సమయం దీనికి పోతుంది. మొదటి గంటలో కొలిచే పద్ధతి నేర్పి, విద్యార్థి ఎంచుకున్న నూతి బొమ్మ గీయిస్తాను. ఒర ఎత్తు, గుర్తు ఉన్న చోటు, చుట్టూ ఏముంది అన్నవి అందులో ఉండాలి. ఆరో వారం తరువాత ఒక గంట గ్రాఫు కాగితం మీద అప్పటిదాకా వచ్చిన కొలతలను చేత్తో గీయిస్తాను. మండలాల వర్షపాతం నేనే తెచ్చి ఇస్తాను. ఒక రోజు వాన అంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు పడినదని చెప్పకపోతే శనివారం తెల్లవారుజాము కొలతకు ఏ రోజు వానను జతచేయాలో తెలియక పొరపడతారు, కనుక అది ముందే చెప్పాలి.

చివరి రెండు గంటలు పదకొండో వారంలో ఒకేసారి జరుగుతాయి. విద్యార్థికి తన చీటీల కవరు, తన గ్రాఫు తిరిగి ఇస్తాను, వాటితో పాటు ముందుగా చెప్పకుండా మరో విద్యార్థి గ్రాఫును కూడా ఇస్తాను. పైన చెప్పిన విద్యార్థినికి లావేరు మండలంలో కాలువ నీరు అందని ఒక ఊరి నూతి గ్రాఫు ఇచ్చాను. అందులో ఆరో వారం నీటిమట్టం దాదాపు కదలలేదు. రెండు నూతులకూ ఆ వారం తేడా ఎందుకు వచ్చిందో, లావేరు వైపు నూతి గురించి నిర్ణయానికి రావాలంటే అక్కడ ఇంకేం చూడాలో రాయమన్నాను. ఎవరికి ఎవరి గ్రాఫు వస్తుందో నేను ముందు రోజు రాత్రి నిర్ణయిస్తాను కనుక, జవాబును ఇంటి దగ్గర తయారుచేసి బట్టీపట్టి రావడానికి వీలుండదు.

అంకెలు కల్పితమో కాదో ఎలా తెలుస్తుందని సహోద్యోగులు అడుగుతుంటారు. నేను నాలుగు చోట్ల చూస్తాను. రెండుసార్లు కొలిచిన అంకెల మధ్య నిజంగా కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా తరచు వస్తుంది. పది వారాలూ రెండు అంకెలూ ఒకటే ఉంటే ఒక్కసారే కొలిచారనో, కొలవలేదనో అనుమానించాలి. వారం వారం మార్పు ఒకే కొలతలో ఉంటే, ఉదాహరణకు 4.50, 4.35, 4.20, 4.05 అని మెట్లు దిగినట్టు వస్తే, అది నుయ్యి ప్రవర్తన కాదు. అంచనాలు దాదాపు ఎప్పుడూ తప్పకపోతే కొలతను అంచనాకు సరిపడేలా రాశారన్నమాట. ఇవి మూడూ అనుమానాలే, రుజువులు కావు. నాలుగోది మాత్రం గట్టి సరిచూపు. పది వారాల్లో ఒక వారం, ఏ వారమో శుక్రవారం మాత్రమే చెప్పి, దగ్గరి ఊళ్ల విద్యార్థులిద్దరిని నూతులు మార్చుకోమంటాను. ఎవరి నూతిని వారు తెల్లవారుజామున కొలుస్తారు, రెండోవారు అదే రోజు వెళ్లి కొలుస్తారు. సోమవారం ఇద్దరూ విడివిడిగా చీటీలు ఇస్తారు. తేడా పది సెంటీమీటర్లు దాటితే పిలిచి మాట్లాడతాను. చాలాసార్లు కారణం మోసం కాదు, ఒర ఎత్తు తీసివేయడం మరచిపోవడమో, గుర్తు లేని వైపు నుంచి టేపు వదలడమో అయి ఉంటుంది.

మాట్లాడవలసి వచ్చినప్పుడు కూడా నేను నిందతో మొదలుపెట్టను. చీటీలు ముందు పెట్టి, ఐదో వారం ఏమైందో చెప్పమ్మా అంటాను. నిజంగా వెళ్లినవారు కొలతను మరచిపోయినా ఆ ఉదయాన్ని మరచిపోరు. ఎవరు తోడు వచ్చారో, తాడు ఎక్కడ చిక్కుకుందో, ఏ ఇంటివాళ్లు ఎందుకని అడిగారో చెబుతారు. వెళ్లనివారు మూడు నిమిషాల్లో తామే ఒప్పుకుంటారు. ఇందుకు ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు.

సాఫ్ట్‌వేరు మాట వచ్చింది కనుక ఒక విషయం మండలి సభ్యులకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. యంత్రం రాసిందో మనిషి రాశారో పట్టిచ్చే సాధనం చూపే శాతాన్ని ఆధారంగా తీసుకుని మార్కులు తగ్గించే నిబంధన దయచేసి పెట్టవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన సంస్థే తన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందన్న కారణంతో 2023 జూలైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అటువంటి ఏడు సాధనాలను పరీక్షించి, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని అవి పొరపాటుగా తేల్చాయని చూపారు. పరిమితమైన పదాలతో, సరళమైన వాక్యాలతో రాయడమే ఆ వ్యాసాల తప్పయింది. మన విద్యార్థులు రాసే ఇంగ్లీషు సరిగ్గా అలాంటిది. మెళియాపుట్టి నుంచి, సీతంపేట నుంచి వచ్చి, ఇంగ్లీషు మాధ్యమంలో మొదటిసారి చదువుతూ, కష్టపడి తానే నాలుగు పేజీలు రాసుకున్న పిల్లను ఒక శాతం చూపించి దొంగను చేసే అవకాశం మన నిబంధనల్లో ఉండకూడదు.

ఇంగ్లీషు గురించి ఇంకొక మాట. ఎందుకు రాయించుకున్నావని నేను మొదటి రెండు విడతల్లో అడిగినప్పుడు, పని ఎక్కువై అని చెప్పినవారికంటే ఇంగ్లీషులో రాయలేక అని చెప్పినవారే ఎక్కువ. అందుకని చీటీలను, తరగతిలో రాసే జవాబులను తెలుగులోనే రాసుకోనిచ్చాను. పదజాలం దగ్గర మాత్రం సగటు, సహసంబంధం, చలరాశి వంటివి రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలన్నాను. ఈ ఒక్క మార్పుతో జవాబుల పొడవు పెరిగింది, అంతకంటే ముఖ్యంగా మామ్మ అన్న మాట జవాబులోకి రాగలిగింది. ఇంగ్లీషులో అదే విషయం "స్థానికులను సంప్రదించడమైనది" అన్న పొడి వాక్యంగా మిగిలిపోయేది.

మార్కుల విభజన విషయంలో నేను చేసిన మొదటి పొరపాటును కూడా చెప్పాలి. పది కొలతలూ ఉంటేనే పూర్తి మార్కులని ప్రకటించాను. ఒక వారం తుపాను వాతావరణం ఉండి సగం ఊళ్లలో ఎవరూ బయటికి వెళ్లలేని పరిస్థితి. అయినా సోమవారం నాకు నలభై ఎనిమిది కొలతలు వచ్చాయి. ఆ కల్పిత అంకెలకు బాధ్యురాలిని నేనే, ఖాళీ గడికి శిక్ష పెట్టినది నేను కనుక. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లా ఎలా ఉందో చూసిన మనం, వానాకాలంలో ఏ వారమూ తప్పకుండా కొలవమని పిల్లలను అడగకూడదు. ఇప్పుడు నిబంధన మార్చాను. కొలవలేకపోతే గడి ఖాళీగా ఉంచి కారణం రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. అంచనా తప్పినందుకు ఒక్క మార్కూ పోదు. నా దగ్గర ఈ పనికి ఉన్న 20 మార్కుల్లో చీటీలకు 5, ఆరో వారం గ్రాఫుకు 4, నూతుల మార్పిడికి 2, చివరి తరగతిలో రాసిన జవాబుకు 6, ఇంటి దగ్గర తయారుచేసిన నివేదికకు 3. నివేదికను ఎవరు ఏ సాధనంతో రాసుకున్నా నేను అడగను, అందుకే దానికి మూడు మార్కులే ఉంచాను. ఆ మూడు మార్కుల కోసం యంత్రం సాయం తీసుకున్నా, అందులోని అంకెలు, కారణాలు చీటీల నుంచే రావాలి.

ఈ పద్ధతికి ఉన్న పరిమితులను దాచను. అందరికీ నుయ్యి అందుబాటులో ఉండదు. పట్టణంలో ఉండేవారికి, హాస్టల్లో ఉండేవారికి ఉండకపోవచ్చు. ఊళ్లో నుయ్యి ఉన్నా దాని దగ్గరికి కొందరు పిల్లలు స్వేచ్ఛగా వెళ్లలేని పరిస్థితులు ఇంకా ఉన్నాయని, వాళ్లు ఆ కారణాన్ని నోటితో చెప్పరని మనందరికీ తెలుసు. అందువల్ల కారణం అడగకుండానే మరో పనిని ఎంచుకునే అవకాశం మొదటి రోజే అందరికీ ఇవ్వాలి. నేను ఇచ్చేది కుళాయి. నీళ్లు వచ్చిన సమయం, ఆగిపోయిన సమయం, ఒకే బిందె నిండడానికి పట్టిన సెకన్లు రెండుసార్లు కొలిచి రాయాలి. బిందె పరిమాణాన్ని లీటరు సీసాతో ముందే కొలుచుకుంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో లెక్కకు వస్తుంది. దానికీ అంచనా, చీటీ, గ్రాఫు అన్నీ అలాగే వర్తిస్తాయి. బోరు చేతిపంపు మాత్రం ఈ పనికి పనికిరాదు, దాని లోపలి నీటిమట్టాన్ని టేపుతో కొలవడం విద్యార్థికి సాధ్యం కాదు.

రెండో పరిమితి అధ్యాపకుల సమయం. చివరి జవాబులు దిద్దడానికి ఒక్కొక్కదానికి నాకు పది నిమిషాలు పట్టింది, అంటే నలభై ఎనిమిది మందికి ఎనిమిది గంటలు. రెండు సెక్షన్లున్న అధ్యాపకులకు ఇది భారమే. అయితే మొదటి రెండు విడతల్లో వచ్చిన టైపు నివేదికలను చదవడానికి, వాటిలో ఏది ఎవరిదో తేల్చుకోలేక బాధపడడానికి అంతకంటే ఎక్కువ సమయమే పట్టింది. మూడో పరిమితి ఏమిటంటే, పట్టుదలగా మోసం చేయదలచినవారు ఇద్దరు కలిసి కూడబలుక్కుని మార్పిడి వారంలో కూడా తప్పించుకోవచ్చు. కానీ పది వారాలు కూడబలుక్కోవడం కంటే వారానికి ఐదు నిమిషాలు నూతి దగ్గరికి వెళ్లడం సులువు, చాలామంది అదే ఎంచుకుంటారు.

సీనియర్ల కవర్లు జూనియర్ల చేతికి వెళ్తే ఏమవుతుందన్న ప్రశ్న కూడా వచ్చింది. వెళ్లనివ్వండి. రెండో ఏడాది నుంచి నేనే వాటిని ఇస్తున్నాను. అదే నూతిని ఎంచుకున్న కొత్త విద్యార్థికి నిరుటి గ్రాఫు ఇచ్చి, ఈ ఏడాది కొలతలు దానితో ఎక్కడ విడిపోయాయో చెప్పమంటున్నాను. వాన పడే తీరు, కాలువ నీరు వదిలే తేదీ ఏటా మారతాయి కనుక నిరుటి అంకెలను నకలు చేస్తే ఆరో వారం గ్రాఫులోనే బయటపడుతుంది.

మండలి సభ్యులను నేను కోరేవి కొద్ది విషయాలే. ఇంటర్నల్ మార్కుల్లో సగానికి పైగా పని జరుగుతున్న క్రమంలో, తరగతిలో సేకరించిన రాతల ఆధారంగా ఇచ్చుకునే స్వేచ్ఛను కళాశాలలకు స్పష్టంగా ఇవ్వండి. ఇన్ని పేజీలు, టైపు చేసి, స్పైరల్ బైండింగు చేయించి ఇవ్వాలన్న షరతును తీసివేయండి. విద్యార్థుల డబ్బు జిరాక్సు షాపులో ఖర్చు కావడం తప్ప దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. చీటీలను, చేతిరాత గ్రాఫులను తనిఖీకి చెల్లుబాటయ్యే రికార్డుగా గుర్తించండి. ప్రస్తుతం తనిఖీకి వచ్చినవారు బైండింగు చేసిన పుస్తకాన్నే అడుగుతున్నారు, కవర్లు చూపిస్తే ఇవేమిటంటున్నారు. స్వానుభవంపై రాసే జవాబులను తెలుగులో అనుమతించండి. టైంటేబుల్లో సెమిస్టరుకు నాలుగు గంటలు ఇటువంటి దశలవారీ పనికి కేటాయించండి.

విభాగాధిపతులకు ఒక మనవి. నుయ్యినే తీసుకోనక్కరలేదు. కామర్సు వారికి రైతుబజారులో ఒకే కూరగాయ ధర ఉదయం ఏడింటికి, పదింటికి ఎంతుందో వారం వారం నమోదు చేయించడం చాలు, వృక్షశాస్త్రం వారికి ఇంటి ముందున్న ఒక్క జీడిమామిడి చెట్టు పూత కాలం చాలు. ఏది ఎంచుకున్నా ముందు మీరు ఒక్కరే మూడు వారాలు కొలిచి, మూడు అంచనాలు రాసుకుని చూడండి. మీ అంచనా ఒక్కసారైనా గట్టిగా తప్పకపోతే ఆ విషయం అసైన్‌మెంటుకు సరిపోదు, రాయడానికి విద్యార్థికి అందులో ఏమీ దొరకదు. నేను మొదట పగటి ఉష్ణోగ్రతను ప్రయత్నించి ఈ కారణంతోనే వదిలేశాను.

చీటీ నమూనాను, మొదటి గంటలో నేర్పే కొలత పద్ధతిని, చివరి తరగతిలో ఇచ్చిన ప్రశ్నలను, విద్యార్థుల పేర్లు తీసివేసిన పన్నెండు కవర్ల నకళ్లను మండలి సమావేశానికి తీసుకురావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. వచ్చే విడత కొలతలు జూలై మొదటి శనివారం మొదలవుతాయి కనుక, మార్కుల విభజనపై మీ నిర్ణయం జూన్ నెలాఖరులోగా కళాశాలలకు చేరేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు,
శ్రీకాకుళం జిల్లా